ఫోటోతో పాటు ఒక్క వాక్యం: గ్రామ డిజిటల్ అక్షరాస్యత సమావేశంలో పావుగంట ప్రసంగాన్ని సిద్ధం చేసుకునే విధానం

మన పల్లెల్లో వాట్సాప్ చేరని ఇల్లు అరుదైపోయింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వరి తెగులు మొదలుకొని రొయ్యల చెరువు, డ్వాక్రా రసీదు, పట్టాదారు పాసుపుస్తకం వరకు ప్రతిదీ ఫోటోగా మారి ఎవరో ఒకరికి వెళుతోంది. అయితే ఆ ఫోటోల్లో చాలా వాటి కింద ఒక్క అక్షరం కూడా ఉండదు. పంపినవారికి అది ఎందుకో తెలుసు గనుక, చూసేవారికి కూడా తెలిసిపోతుందని అనుకుంటారు. గ్రామ సచివాలయంలోనో, రైతు సేవా కేంద్రంలోనో, డ్వాక్రా సంఘం కూర్చునే చోటనో జరిగే సమావేశంలో ఈ ఒక్క అలవాటు మీద పావుగంట మాట్లాడదలచిన వారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. నెల్లూరు వైపు కొన్ని ఊళ్లలో ఇలా మాట్లాడిన అనుభవం నాకు ఉంది. ఏ మాట జనానికి ఎక్కిందో, ఏది గాలికి పోయిందో చూసిన తర్వాతే ఈ క్రమం కుదిరింది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

రెండు ఫోన్లు, వాటి మధ్య పనిచేసే వాట్సాప్, ఒక పెద్ద చార్టు, స్కెచ్ పెన్ను సరిపోతాయి. ప్రొజెక్టర్ ఉంటే మంచిదే, కానీ దాని కోసం సమావేశాన్ని వాయిదా వేయవద్దు. ఫోన్ తెరపై కనిపించేదాన్ని చార్టు మీద అరచేయంత అక్షరాలతో గీసి చూపిస్తే వెనక వరుసలో కూర్చున్న పెద్దవారికి కూడా అర్థమవుతుంది. ఊరిలో సిగ్నల్ ఎక్కడ బాగుంటుందో ముందురోజే చూసుకోండి, ఎందుకంటే ఫోటో వెళ్లక గుండ్రం తిరుగుతూ ఉంటే సభ మొత్తం దాని వైపే చూస్తుంది.

అంతకంటే ముఖ్యమైన తయారీ ఉదాహరణను ఎంచుకోవడం. ఆ ఊరి పంటేదో దానినే తీసుకోవాలి. పెన్నా కాలువల కింద అయితే వరి, ఒంగోలు వైపు మెట్ట అయితే పొగాకు లేదా శనగ, సముద్రం దాపున అయితే రొయ్యల చెరువు. ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు నడపాలి. ఐదు రకాల ఉదాహరణలు ఇచ్చిన రోజున జనం ఉదాహరణలను గుర్తుపెట్టుకుని అసలు అలవాటును మరచిపోయారు.

మొదటి అడుగు: వాక్యం లేని ఫోటో అవతలివారికి ఎలా కనిపిస్తుందో చూపించాలి

ప్రసంగాన్ని నిర్వచనంతో మొదలుపెట్టవద్దు. ఒక ఫోన్ నుంచి రెండో ఫోన్‌కు వరి ఆకు ఫోటోను ఏ మాటా లేకుండా పంపండి. రెండో ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, ఆ ఫోటోను నొక్కకుండా, పేర్ల జాబితా దగ్గరే ఆగి సభకు చూపించండి. అక్కడ పంపినవారి పేరు కింద `Photo` అన్న ఒక్క మాట మాత్రమే కనిపిస్తుంది. ఇప్పుడు అదే ఫోటోను కింద ఒక వాక్యం రాసి మళ్లీ పంపండి. ఈసారి అదే చోట ఆ వాక్యం మొదటి భాగం కనిపిస్తుంది.

ఈ తేడాను కళ్లారా చూసిన తర్వాత వివరణ రెండు నిమిషాల పని. నేను దాదాపు ఈ మాటలతో చెబుతాను: "అమ్మా, అయ్యా, మన వ్యవసాయ సహాయకుడి ఫోన్‌లో పొద్దున ఇలాంటి పేర్లు ముప్పై ఉన్నాయనుకోండి. అందరి కింద ఫోటో అనే ఉంటే, ఏది ముందు తెరవాలో ఆ అబ్బాయికి ఎలా తెలుస్తుంది? మీది తెగులు కావచ్చు, పక్కవారిది పండగ శుభాకాంక్షల బొమ్మ కావచ్చు. తెరిచి చూసేదాకా రెండూ ఒకటే."

దీనికి మరో రెండు కారణాలను కూడా జోడించవచ్చు. డేటా పొదుపు కోసం చాలామంది ఫోటోలు వాటంతటవే దిగకుండా ఆపి ఉంచుతారు. అలాంటి ఫోన్‌లో ఫోటో మసకగా ఉండిపోతుంది గాని, దాని కింద రాసిన వాక్యం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. అదీగాక నెల తర్వాత ఆ ఫోటోను వెతకవలసి వస్తే, వాట్సాప్‌లోని వెతుకులాట ఆ వాక్యంలోని మాటల ఆధారంగా దాన్ని బయటికి తీస్తుంది. వాక్యం లేని ఫోటోను పైకి జరుపుకుంటూ కంటితో వెతుక్కోవడం తప్ప మరో దారి సులభంగా దొరకదు.

రెండో అడుగు: ఒకే ఒక సంఘటనను పూర్తిగా చెప్పాలి

నేను వాడే ఉదాహరణ వరి పొలానిది. రబీ నాట్లు పూర్తయిన నాలుగో వారంలో ఒక రైతు ఉదయం ఆరున్నరకు పొలానికి వెళ్లి, ఆకుల మీద గోధుమ రంగు చుక్కలు చూసి, నాలుగు ఫోటోలు తీసి వ్యవసాయ సహాయకుడికి పంపాడు. ఒక్క మాట రాయలేదు. ఆ సహాయకుడు వేరే ఊరిలో పంట నమోదు పనిలో ఉండి, మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ చూసి, "ఏ పొలం అన్నా, నాటి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. రైతు అప్పటికి ఫోన్‌ను ఇంట్లో ఛార్జింగ్‌లో పెట్టి మళ్లీ చేలోకి వెళ్లిపోయాడు. రాత్రి జవాబిచ్చాడు. మరుసటి రోజు పొద్దున మరో ప్రశ్న వచ్చింది: చేనంతా ఉందా, ఒక పక్కనే ఉందా? ఇలా ఒకటిన్నర రోజు గడిచింది. ఈలోగా రైతు ఆగలేక దుకాణానికి వెళ్లి, అగ్గి తెగులు మందు తెచ్చి కొట్టేశాడు. తీరా చూస్తే అది అగ్గి తెగులు కాదు, జింకు లోపం. అగ్గి తెగులుకు కొట్టే మందు జింకు లోపాన్ని సరిచేయదు. మందు ఖర్చు, కూలి ఖర్చు రెండూ వృథా అయ్యాయి.

ఇక్కడ ఆగి, ఫోటో ఎందుకు సరిపోలేదో వివరించాలి. జింకు లోపం సాధారణంగా నాటిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య బయటపడుతుంది. ఆకుల మీద తుప్పు రంగు చుక్కలు వస్తాయి, ఆకు మొదలు దగ్గర మధ్య ఈనె పాలిపోతుంది, నీరు నిలిచే పల్లపు చోట ఎక్కువగా కనిపిస్తుంది. అగ్గి తెగులు మచ్చ ముదిరితే నూలు కండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో, అంచున గోధుమ రంగుతో ఉంటుంది. మొదట్లో మాత్రం అది కూడా చిన్న గోధుమ చుక్కే. అంటే ఆ దశలో ఒంటరి ఆకు ఫోటో రెండింటిలో దేనిదైనా కావచ్చు. నాటి ఎన్ని రోజులైంది, పల్లంలో ఉందా మెరకలో ఉందా అన్నవి ఫోటోలో పడవు, అవి రైతు నోటి నుంచే రావాలి. వాక్యం మోయవలసింది సరిగ్గా ఆ భాగాన్నే: కెమెరాకు కనిపించనిదాన్ని.

అదే రైతు ఆ ఉదయం ఫోటో కింద ఈ వాక్యం రాసి ఉంటే ఏమయ్యేదో చార్టు మీద చూపించండి:

"మందు కొట్టాలా వద్దా చెప్పండి: వరి, నాటి 24 రోజులు, తుప్పు రంగు చుక్కలు, పల్లం వైపు అర ఎకరంలోనే ఉన్నాయి."

ఇది చదివిన సహాయకుడు అడిగే ప్రశ్న మారిపోతుంది. ఎవరిది, ఏమిటి అని అడగడు. "ఆఖరి దుక్కిలో జింకు సల్ఫేటు వేశారా? ఆకు మొదట్లో ఈనె తెల్లబడిందా? ఒక మొక్కను పీకి ఫోటో పంపండి, అంతవరకు మందు కొట్టవద్దు" అంటాడు. ఒకటిన్నర రోజు పట్టిన సంభాషణ ఒక జవాబుతో దారిలో పడుతుంది.

మూడో అడుగు: వాక్యాన్ని ఏ వరుసలో రాయాలి

ఈ భాగాన్ని తొందరపడకుండా చెప్పండి, ఎందుకంటే వాక్యం రాయాలని ఒప్పుకున్నవారు కూడా తప్పు చేసేది ఇక్కడే.

మన తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "సార్, నేను మొన్న మీకు ఫోన్ చేశాను కదా, మా కాలువ కింద పొలంలో వరికి ఆకుల మీద చుక్కలు వచ్చాయి, ఏ మందు కొట్టాలో చెప్పండి" అని రాయడం మనకు సహజం. ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు అది మర్యాద కూడా. కానీ వాట్సాప్ పేర్ల జాబితాలో వాక్యం మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి, మిగిలినది చుక్కలుగా మిగిలిపోతుంది. పై వాక్యంలో కనిపించేది "సార్, నేను మొన్న మీకు ఫోన్..." మాత్రమే. అసలు కోరినది తెర వెనక్కి పోయింది. కాబట్టి ఈ ఒక్క చోట మన వరుసను తిప్పుకోవాలి. అవతలివారు ఏం చేయాలో ముందు, దేని గురించో తర్వాత, వివరాలు చివర. సభలో నేను ఈ వరుసను "చేయవలసింది, వస్తువు, వివరం" అని మూడు మాటల్లో చార్టు మీద రాసి పెడతాను.

పెద్దవారికి నేరుగా పని చెప్పినట్టు ఉంటుందేమోనని కొందరు అక్కలు సంకోచిస్తారు. ఆ సంకోచం న్యాయమైనదే. దానికి పరిష్కారం "చెప్పగలరు", "చూడగలరు" అన్న రూపం. "రసీదు సరిచూడగలరు: మా సంఘం డిసెంబరు పొదుపు, 10 మంది" అని రాస్తే మర్యాదా నిలుస్తుంది, కోరినదీ ముందే కనిపిస్తుంది. నమస్కారం వదలలేమంటే దాన్ని వాక్యం చివర పెట్టమని చెప్పండి.

జవాబు అవసరం లేని ఫోటోకు కూడా ఆ సంగతి రాయాలి. "మీ దగ్గర ఉంచుకోండి, జవాబు అక్కరలేదు: రెండో విడత రసీదు" అన్న వాక్యం అందుకున్నవారి పనిని తగ్గిస్తుంది. ఇది చిన్న విషయమే గాని, రోజూ పదుల కొద్దీ ఫోటోలు అందుకునే సంఘం లీడరును అడిగితే దీని విలువ చెబుతుంది.

ఒక హెచ్చరికను తప్పక చెప్పాలి. వాక్యంలో చూసినది రాయాలి, ఊహించినది రాయకూడదు. "అగ్గి తెగులు వచ్చింది, మందు చెప్పండి" అని రాస్తే చదివినవారు తొందరలో ఆ పేరునే నమ్మి మందు చెప్పే ప్రమాదం ఉంది. "గోధుమ చుక్కలు ఉన్నాయి" అని రాస్తే వారు ఆలోచించి పేరు పెడతారు. అనుమానాన్ని చెప్పాలనిపిస్తే "అగ్గి తెగులేమోనని అనుమానం" అని అనుమానంగానే రాయవచ్చు. రొయ్యల చెరువు విషయంలోనూ ఇదే. వైరస్ వచ్చిందని రాయడం కంటే "పిల్ల వేసి 45 రోజులు, గట్టు పక్కకు చేరుతున్నాయి, మేత తగ్గింది" అని రాయడం వల్ల అవతలివారికి ఎక్కువ తెలుస్తుంది.

నాలుగో అడుగు: అందరి చేత రాయించాలి

ఇప్పుడు సభలో ఉన్నవారిని తమ ఫోన్లు తీయమనండి. క్లిప్ గుర్తును లేదా ప్లస్ గుర్తును నొక్కి, గ్యాలరీ నుంచి ఒక ఫోటోను ఎంచుకోమనండి. పంపే బాణం గుర్తును వెంటనే నొక్కవద్దని ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఎందుకంటే వేలు అలవాటుగా అక్కడికే పోతుంది. ఫోటో కింద `Add a caption` అని ఒక గీత లేదా పెట్టె కనిపిస్తుంది. ఫోన్ తెలుగులో పెట్టుకున్నవారికి అక్కడి మాట వేరుగా ఉంటుంది గాని, చోటు అదే. దాన్ని నొక్కితే కీబోర్డు వస్తుంది. వాక్యం రాసి, అప్పుడు బాణం నొక్కాలి.

తెలుగు టైపు చేయడం రాని వారికి కీబోర్డు మీది మైకు గుర్తును చూపించండి. ఇక్కడ ఒక గందరగోళం ప్రతి ఊరిలోనూ ఎదురవుతుంది. వాట్సాప్‌లో మాటలు రాసే పెట్టె పక్కన ఉండే మైకు గొంతును రికార్డు చేస్తుంది, కీబోర్డు మీద ఉండే మైకు మాటను అక్షరాలుగా మారుస్తుంది. రెండింటినీ చార్టు మీద వేర్వేరు రంగుల్లో గీసి చూపిస్తే ఈ తికమక పోతుంది. కీబోర్డు భాషల్లో తెలుగును ముందే చేర్చి ఉండాలి, లేకపోతే మనం తెలుగులో చెప్పినది ఏవో ఇంగ్లీషు ముక్కలుగా పడుతుంది. ఊరి పేర్లు, విత్తన రకాల పేర్లు తరచుగా తప్పుగా పడతాయి కనుక పంపేముందు ఒకసారి చదువుకోవాలి, లేదా ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోవాలి.

చదవడం, రాయడం రెండూ రానివారు గొంతు సందేశమే పంపవచ్చు. అయితే దాన్ని విడిగా పంపకుండా, తాము పంపిన ఫోటోను కుడి వైపుకు జరిపి, దానికి జవాబుగా మాట్లాడమని చెప్పండి. అప్పుడు ఆ గొంతు ఏ ఫోటోకు చెందినదో అవతలివారికి తెలుస్తుంది. గొంతు సందేశంలోని మాటలు పేర్ల జాబితాలో కనిపించవు కాబట్టి ఇది వాక్యానికి సమానం కాదు, అయినా ఏమీ లేకపోవడం కంటే ఎంతో మేలు.

వాక్యం మరచిపోయి ఫోటో పంపేసిన వారికి కూడా ఇదే దారి. ఫోటోను కుడికి జరిపి, వాక్యం రాసి పంపాలి. రాసిన వాక్యంలో తప్పు దొర్లితే, పంపిన 15 నిమిషాల లోపు దాన్ని నొక్కి పట్టుకుని `Edit` ద్వారా సరిచేయవచ్చు. ఆ తర్వాత ఆ వీలు ఉండదు.

నాలుగైదు ఫోటోలు ఒకేసారి పంపేటప్పుడు జాగ్రత్త అవసరం. కొన్ని ఫోన్లలో మనం రాసిన వాక్యం ఆ క్షణంలో తెర మీద ఉన్న ఒక్క ఫోటోకే అంటుకుంటుంది. అందుకని వాక్యంలోనే "3 ఫోటోలు" అని లెక్క రాయడం, పంపిన తర్వాత వాక్యం ఎక్కడ పడిందో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఐదో అడుగు: వాక్యం ఫోటో మీదనే ఉండవలసిన సందర్భాలు

ఇంతవరకు చెప్పిన వాక్యం ఫోటో కింద ఉంటుంది, ఫోటోలో భాగం కాదు. అందుకున్నవారు ఆ ఫోటోను తమ గ్యాలరీలో దాచుకుంటే బొమ్మ మాత్రమే వెళుతుంది, వాక్యం వాట్సాప్‌లోనే ఉండిపోతుంది. మరొకరికి పంపేటప్పుడు కూడా వాక్యాన్ని తీసివేసే వీలు ఉంది. వరి ఆకు విషయంలో దీనివల్ల నష్టం లేదు. ఆధార్ కార్డు విషయంలో ఉంది.

గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు కోసం ఏజెన్సీ మనిషికి ఆధార్ ఫోటో పంపామనుకుందాం. కింద ఎంత చక్కగా రాసినా, ఆ బొమ్మ విడిపోయి ఎక్కడికైనా వెళ్లవచ్చు. అందువల్ల ఇక్కడ వాక్యాన్ని బొమ్మలోనే కలపాలి. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి పాతదే: జిరాక్స్ కాపీ తీసి, దాని మీద పెన్నుతో ఏటవాలుగా "గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు కోసం మాత్రమే" అని రాసి, ఎవరికి ఇస్తున్నామో, తేదీ ఎంతో కూడా రాసి, సంతకం చేసి, అప్పుడు దాన్ని ఫోటో తీయాలి. రాత కార్డు పక్కన ఖాళీ కాగితం మీద ఉంటే అంచు కత్తిరించగానే పోతుంది. కాబట్టి కార్డు బొమ్మ మీదుగా పోవాలి, కానీ పేరు, అంకెలు చదవడానికి అడ్డుపడకూడదు. జిరాక్స్ దొరకని చోట, వాట్సాప్‌లో ఫోటోను ఎంచుకున్నాక పైన కనిపించే `T` గుర్తును నొక్కి, అదే వాక్యాన్ని బొమ్మ మీద రాసి పంపవచ్చు.

ఆధార్‌లో మొదటి 8 అంకెలు దాచి, చివరి 4 మాత్రమే చూపించే రూపం కూడా ఉంది. దాన్ని ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి దింపుకోవచ్చు. అవతలివారికి పూర్తి సంఖ్య అవసరమా అని ముందుగా అడిగి, అవసరం లేదంటే దాన్నే పంపమని సభలో చెప్పండి.

ఇక్కడ నిజాయితీగా ఒక పరిమితిని కూడా చెప్పాలి. కార్డు మీద రాసిన వాక్యం తాళం కాదు. దుర్మార్గుడిని అది పూర్తిగా ఆపలేదు. అయితే గ్యాస్ కోసమని రాసి ఉన్న కాగితాన్ని సిమ్ కార్డుకో, అప్పుకో పెట్టాలంటే ఆ రాత అడ్డు నిలుస్తుంది, తర్వాత వివాదం వస్తే ఆ కాపీ ఎవరి చేతి నుంచి బయటికి పోయిందో తేల్చడానికి ఆధారం అవుతుంది. ఇంతకుమించి దాని గురించి ఎక్కువ చెప్పి జనాన్ని నమ్మించడం తప్పు.

తప్పిపోయిన గేదె, దూడ ఫోటోలకూ బొమ్మ మీది రాతే సరైనది. "4-12 సాయంత్రం నుంచి కనిపించడం లేదు" అని తేదీ, ఊరు బొమ్మ మీద లేకపోతే, గేదె ఇంటికి వచ్చిన నెల తర్వాత కూడా ఆ ఫోటో గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. దొరికిన రోజున అదే ఫోటోకు జవాబుగా "దొరికింది" అని రాయడం కూడా ఆ ఇంటివారి బాధ్యతే.

సమయం పంచుకోవడం, తర్వాతి రోజు పని

పావుగంటలో రెండు ఫోన్లతో చూపించడానికి రెండు నిమిషాలు, వరి ఉదాహరణకు నాలుగు, వాక్యం వరుసకు మూడు, అందరి చేత రాయించడానికి నాలుగు, ఆధార్‌కు రెండు నిమిషాలు సరిపోతాయి. సమయం చాలదనిపిస్తే ఉదాహరణను కుదించండి గాని, అందరి చేత రాయించే భాగాన్ని వదలవద్దు.

సభ ముగిసేలోపు వచ్చినవారందరి చేత ఒక్కో ఫోటో, దాని కింద ఒక్కో వాక్యం మీ నంబరుకు పంపించుకోండి. మరుసటి రోజు వాట్సాప్ తెరిచి, ఏ ఫోటోనూ నొక్కకుండా పేర్ల జాబితాను మాత్రమే చదవండి. ఎవరి వాక్యంలో కోరిక అక్కడే కనిపిస్తున్నదో వారికి పాఠం అందినట్టు. "సార్ నమస్తే నేను నిన్న..." దగ్గర తెగిపోయిన వాక్యాలు ఉంటే, అదే వాక్యాన్ని వరుస మార్చి రాసి, వారి ఫోటోకు జవాబుగా తిరిగి పంపండి.